క్యాష్ ఫ్లో ముగింపు నిల్వకీ బ్యాలెన్స్ షీట్‌కీ 7.4 లక్షల తేడా వస్తోంది, ఎక్కడ వెతకాలి?

ఉద్దానం అకౌంట్స్ (పలాస)

అందరికీ నమస్కారం. పలాసలో జీడిపప్పు ప్రాసెసింగ్ చేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో ఈ మధ్యే చేరాను. 2024-25 బ్యాలెన్స్ షీటూ పీ అండ్ ఎల్లూ ట్యాలీ అయ్యాయి. క్యాష్ ఫ్లో మాత్రం నాకు ముందు పనిచేసినాయన ఎక్సెల్‌లో వేసి వెళ్లిపోయారు, అది కుదరడం లేదు. సీసీ లిమిట్ రెన్యువల్‌కి బ్యాంకు అడుగుతోంది, ఆడిటర్ గారు శుక్రవారం లోపల పంపమన్నారు. టెన్షన్‌గా ఉంది.

షీట్‌లో ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను. అంకెలన్నీ లక్షల్లో.

పన్నుకు ముందు లాభం 8.5
తరుగుదల +6.0
అప్పుల మీద వడ్డీ +7.0
సరుకు పెరిగింది −5.1
బాకీదారులు పెరిగారు −1.5
క్రెడిటర్లు పెరిగారు +3.0
ఆదాయపు పన్ను −2.2
వ్యాపారం నుంచి: 15.7

కొత్త డ్రయ్యర్ కొనుగోలు −8.0
పాత బాయిలర్ అమ్మకం +1.4
ఎఫ్డీలు పెరిగాయి −6.0
పెట్టుబడుల నుంచి: −12.6

టర్మ్ లోన్ కట్టింది −6.0
సీసీ వాడకం పెరిగింది +7.0
వడ్డీ కట్టింది −7.0
ఫైనాన్సింగ్ నుంచి: −6.0

మొత్తం మీద −2.9. ప్రారంభ నిల్వ 18.0, కాబట్టి ముగింపు నిల్వ 15.1 రావాలి. బ్యాలెన్స్ షీట్‌లో నగదు, బ్యాంకు నిల్వలు 22.5 ఉన్నాయి. తేడా 7.4.

చీపురుపల్లి సత్తిబాబు

మాకు రైస్ మిల్లు ఉందండి. మాకూ ప్రతి మార్చిలో ఇదే గొడవ. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒకటుంటుంది, మన పుస్తకంలో ఇంకొకటుంటుంది. మార్చి 29న రైతులకి చెక్కులిస్తాం, వాళ్లు ఏప్రిల్ రెండో వారంలో వేసుకుంటారు. మీరు ఇచ్చిన చెక్కుల్లో ఇంకా క్లియర్ కానివి ఎంతున్నాయో చూడండి. 7.4 లక్షలు అక్కడే దొరుకుతాయి.

ఆమదాలవలస ఇంటర్ గ్రూప్ 2

సత్తిబాబు గారూ, మీరు చెప్పింది బ్యాంకు రీకన్సిలియేషన్. ఇక్కడ బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రసక్తే లేదండి. బ్యాలెన్స్ షీట్‌లో ఉన్నది పుస్తకాల ప్రకారం నిల్వే, క్యాష్ ఫ్లో చేరుకోవాల్సింది కూడా ఆ పుస్తకాల నిల్వకే.

మేడం, ముందు తేడాని రెండుతో భాగించండి. ప్లస్ పెట్టాల్సిన చోట మైనస్ పెడితే తేడా ఆ అంకెకి రెట్టింపు వస్తుంది. 7.4లో సగం 3.7. షీట్‌లో 3.7 ఎక్కడుందో వెతకండి. తేడా తొమ్మిదితో భాగింపబడితే అంకెలు తారుమారైనట్టు. ఈ రెండూ కాకపోతే ఆడిటర్ గారితో మాట్లాడి 'ఇతర సర్దుబాట్లు' అని ఒక లైన్ పెట్టేయొచ్చు, మా సీనియర్లు అలాగే చేస్తారు.

కోట వీధి విజయనగరం

తమ్ముడూ, సగం చేసి చూడడం మంచి అలవాటే. కానీ అది ఒక్క తప్పే ఉన్నప్పుడు పనికొస్తుంది. ఈ షీట్‌లో 3.7 ఎక్కడా లేదు. అంటే 7.4 అనేది చిన్నాపెద్దా తప్పులు కొన్ని పైకీ కొన్ని కిందికీ లాగగా మిగిలిన అంకె. అలాంటి తేడాని ఎన్ని రకాలుగా భాగించినా దారి దొరకదు.

'ఇతర సర్దుబాట్లు' మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు. అది మర్యాద కోసం చెప్పే మాట కాదు, లెక్కే దాన్ని ఒప్పుకోదు. రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లూ ట్యాలీ అయ్యాయంటే నగదులో మార్పు అనేది మిగతా అన్ని లైన్లలో వచ్చిన మార్పుల మొత్తానికి పైసాతో సహా సమానం. అప్పులు, మూలధనం పెరిగితే నగదు వచ్చినట్టు, నగదు కాని ఆస్తులు పెరిగితే నగదు పోయినట్టు. కాబట్టి ఇండైరెక్ట్ పద్ధతిలో క్యాష్ ఫ్లో కుదరకపోవడానికి రెండే కారణాలు: ఏదో ఒక లైన్ మార్పు పూర్తిగా ఎక్కలేదు, లేదా రెండుసార్లు ఎక్కింది. దొరకని తేడా అంటూ ఇందులో ఉండదు.

అమ్మా, రెండేళ్ల బ్యాలెన్స్ షీట్ పక్కపక్కన పెట్టండి. నగదు, బ్యాంకు నిల్వల నోట్ విడదీసి పెట్టండి, అది ముఖ్యం. ఆ 18.0లో ఏమేం ఉన్నాయి?

ఉద్దానం అకౌంట్స్ (పలాస)

ఇదిగోండి సార్. మొదటిది 31-3-2024, రెండోది 31-3-2025.

షేర్ క్యాపిటల్: 40.0, 40.0
రిజర్వులు: 22.0, 28.3
టర్మ్ లోన్: 30.0, 24.0
సీసీ: 45.0, 52.0
సరుకు క్రెడిటర్లు: 12.0, 15.0
డ్రయ్యర్ సప్లయర్‌కి ఇవ్వాల్సింది: 0, 2.0
పన్ను ప్రొవిజన్, కట్టింది పోను: 1.0, 0.8
మొత్తం: 150.0, 162.1

స్థిరాస్తులు: 60.0, 61.0
సరుకు: 52.0, 57.1
బాకీదారులు: 20.0, 21.5
నగదు, బ్యాంకు నిల్వలు: 18.0, 22.5
మొత్తం: 150.0, 162.1

చివరి లైన్ విడదీస్తే: చేతిలో నగదు 1.2, 0.9. కరెంట్ అకౌంట్ 6.8, 5.6. ఎఫ్డీలు 10.0, 16.0. ఈ ఎఫ్డీలు ఆఫ్రికా నుంచి జీడిపిక్కలు తెప్పించుకోవడానికి తెరిచిన ఎల్సీలకు మార్జిన్ కింద బ్యాంకు దగ్గరే ఉన్నాయి. అన్నీ ఏడాది కాలానికి వేసినవి.

పీ అండ్ ఎల్‌లో ఈ ఏడాది పన్ను 2.2, పన్ను తర్వాత లాభం 6.3. బాయిలర్ పుస్తక విలువ 1.0, అమ్మింది 1.4కి.

కోట వీధి విజయనగరం

పెద్ద ముక్క ఇక్కడే ఉంది. షీట్ వేసినాయన ఎఫ్డీలు పెరిగిన 6.0ని పెట్టుబడుల్లో పోయిన డబ్బుగా చూపించారు. అది సరైనదే. కానీ ప్రారంభ నిల్వ దగ్గర 18.0 తీసుకున్నారు, అందులో 10.0 ఎఫ్డీలే. చివర్లో పోల్చింది 22.5తో, అందులో 16.0 ఎఫ్డీలే. ఒకే డబ్బుని ఒకచోట నగదు కాదన్నారు, ఇంకోచోట నగదే అన్నారు. ఈ ఒక్కదానికే 6.0 తేడా.

షెడ్యూల్ 3 ఫార్మాట్‌లో బ్యాలెన్స్ షీట్ మీద నగదు, బ్యాంకు నిల్వలన్నీ కలిసి కనిపించినా, నోట్‌లో నగదూ నగదుతో సమానమైనవీ ఒకవైపు, మిగతా బ్యాంకు నిల్వలు ఒకవైపు ఉండాలి. మార్జిన్ డిపాజిట్ రెండో దాంట్లోకి వెళ్తుంది. క్యాష్ ఫ్లో చేరుకోవాల్సింది మొదటి దానికే. అంటే మీ ప్రారంభ నిల్వ 8.0, ముగింపు నిల్వ 6.5. ఏడాదిలో నగదు 1.5 తగ్గింది. మీరు పట్టుకోవాల్సిన అంకె ఈ మైనస్ 1.5.

బొబ్బిలి రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

ఒక్క మాట. ఆ ఎఫ్డీల్లో కొన్ని మే నెలలోనే మెచ్యూర్ అవుతాయనుకుందాం. మార్చి 31 నుంచి లెక్కేస్తే మూడు నెలలు కూడా లేదు కదా, అప్పుడవి నగదుతో సమానమే కదండీ?

కోట వీధి విజయనగరం

కాదు సార్. ఏఎస్ 3 చెప్పే మూడు నెలలు డిపాజిట్ వేసిన రోజు నుంచి లెక్క, బ్యాలెన్స్ షీట్ తేదీ నుంచి కాదు. ఏడాదికి వేసిన ఎఫ్డీ చివరి నెలలో ఉన్నా నగదుతో సమానం అవ్వదు. పైగా వీటిమీద బ్యాంకుకి లియన్ ఉంది. కంపెనీ రేపు జీతాలివ్వడానికి వాటిని తీసుకోలేదు.

ఆమదాలవలస ఇంటర్ గ్రూప్ 2

సార్, ఒక డౌట్. పెట్టుబడుల్లోంచి ఆ మైనస్ 6.0 తీసేసి, ప్రారంభం 18.0, ముగింపు 22.5 అలాగే ఉంచితే? మార్పు ప్లస్ 4.5 కావాలి. మిగతా తప్పులు సరిచేస్తే మైనస్ 1.5 వచ్చేదానికి 6.0 కలిపితే సరిగ్గా 4.5 వస్తుంది. అదీ కుదురుతుంది కదా?

కోట వీధి విజయనగరం

కుదురుతుంది. అందుకే అది ప్రమాదం. రెండు చివర్లా ఒకే తప్పు చేస్తే లెక్క ట్యాలీ అయిపోతుంది, కూడికల వల్ల ఆ తప్పు బయటపడదు. ఆ స్టేట్‌మెంట్ చూసిన బ్యాంకు మేనేజరు కంపెనీ చేతిలో డబ్బు 4.5 లక్షలు పెరిగిందనుకుంటాడు. నిజానికి 1.5 తగ్గింది, 6.0 ఎల్సీ మార్జిన్‌లో ఇరుక్కుంది. కాబట్టి ట్యాలీ చూసేముందు నగదులో ఏమేం ఉన్నాయో పేరుపేరునా రాసుకోవాలి.

రాజాం కామేశ్వరి

నేను జూట్ మిల్లు అకౌంట్స్‌లో చేస్తాను, నాకు కనిపించింది చెప్తాను. డ్రయ్యర్ 8.0 అని ఉంది, కానీ సప్లయర్‌కి ఇంకా 2.0 ఇవ్వాలి. అంటే ఈ ఏడాది నగదుగా పోయింది 6.0 మాత్రమే. మీ షీట్‌లో క్రెడిటర్ల పెరుగుదల 3.0 సరుకు క్రెడిటర్లదే, డ్రయ్యర్ బాకీ ఎక్కడా ఎక్కలేదు. ఇది 2.0.

మాకూ లూమ్‌లు కొన్నప్పుడు ఇదే వస్తుంది. ట్యాలీలో మెషినరీ సప్లయర్‌ని కూడా సండ్రీ క్రెడిటర్స్ గ్రూప్ కిందే తెరుస్తారు. అప్పుడు బాకీ వ్యాపారం వైపు ప్లస్‌గా పడుతుంది, కొనుగోలు మొత్తం పెట్టుబడుల్లో మైనస్‌గా పడుతుంది. మొత్తం కుదురుతుంది కానీ వ్యాపారం నుంచి వచ్చిన డబ్బు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. మీ వాళ్లు వేరే లెడ్జర్ పెట్టారు, అది మంచిదైంది. వేరుగా ఉండబట్టే తేడాగా బయటపడింది.

కోట వీధి విజయనగరం

కామేశ్వరి గారు సరిగ్గా పట్టుకున్నారు. మిగిలినవి చిన్నవి. బాయిలర్ మీద వచ్చిన 0.4 లాభం పన్నుకు ముందు లాభం 8.5లో ఇప్పటికే ఉంది. అమ్మకం డబ్బు 1.4 మళ్లీ పెట్టుబడుల్లో వేశారు. ఆ 0.4 రెండుసార్లు ఎక్కింది, వ్యాపారం వైపు తీసేయాలి. పన్ను దగ్గర పీ అండ్ ఎల్ ఖర్చు 2.2 పెట్టారు, కట్టింది పెట్టాలి. ప్రారంభ ప్రొవిజన్ 1.0కి ఈ ఏడాది 2.2 కలిపి, మిగిలిన 0.8 తీసేస్తే కట్టింది 2.4.

ఇప్పుడు 7.4 ఎలా వచ్చిందో చూడండి. ఎఫ్డీల వల్ల 6.0, డ్రయ్యర్ బాకీ వల్ల 2.0 తక్కువ చూపించింది. బాయిలర్ లాభం వల్ల 0.4, పన్ను వల్ల 0.2 ఎక్కువ చూపించింది. 8.0లోంచి 0.6 పోతే 7.4.

అమ్మా, వచ్చే ఏడాదికి ఇలా వెతుక్కోనక్కర్లేకుండా ఒక వర్కింగ్ షీట్ పెట్టుకోండి. ఒక్కో బ్యాలెన్స్ షీట్ లైన్‌కి ఒక్కో వరుస. B కాలమ్‌లో పోయిన ఏడాది, C కాలమ్‌లో ఈ ఏడాది. D కాలమ్‌లో తేడా, ఆస్తులకి ఒకలా, అప్పులకీ మూలధనానికీ ఇంకోలా:

```
ఆస్తి వరుస:           =B9-C9
అప్పు/మూలధనం వరుస:   =C2-B2
పంచగా మిగిలింది:      =D2-SUM(E2:R2)
```

నగదు వరుస మాత్రం ఈ షీట్‌లో వేరుగా ఉంచండి, ఎఫ్డీలు ఇంకో వరుస. E నుంచి R వరకు కాలమ్‌లు క్యాష్ ఫ్లో లైన్లకి. ప్రతి వరుసలోని తేడానీ ఆ కాలమ్‌ల్లోకి పంచాలి, చివర మిగిలింది సున్నా అయ్యేదాకా.

మీ స్థిరాస్తుల వరుస చూడండి. తేడా మైనస్ 1.0. దీన్ని తరుగుదల ప్లస్ 6.0, కొనుగోలు మైనస్ 8.0, అమ్మిన బాయిలర్ పుస్తక విలువ ప్లస్ 1.0గా పంచాలి. ఆ ప్లస్ 1.0 మళ్లీ రెండు ముక్కలు: అమ్మకం డబ్బు ప్లస్ 1.4, లాభం మైనస్ 0.4. ఇలా పంచుతుంటే లాభం తీసేయడం మర్చిపోవడానికి వీలుండదు, వరుస సున్నా అవ్వదు కాబట్టి. డ్రయ్యర్ బాకీ వరుసలో ప్లస్ 2.0 కొనుగోలు కాలమ్‌లోకే వెళ్తుంది, అక్కడ మైనస్ 8.0తో కలిసి మైనస్ 6.0 అవుతుంది. రిజర్వుల ప్లస్ 6.3ని లాభం 8.5, పన్ను మైనస్ 2.2గా విడదీసి, ఆ మైనస్ 2.2ని ప్రొవిజన్ వరుసలోని మైనస్ 0.2తో కలిపితే కట్టిన పన్ను 2.4.

ఆమదాలవలస ఇంటర్ గ్రూప్ 2

వడ్డీ 7.0 ఏ వరుసలోంచి వస్తుంది సార్? నాకు బ్యాలెన్స్ షీట్‌లో కనిపించడం లేదు.

కోట వీధి విజయనగరం

మంచి ప్రశ్న. ఏ వరుసలోంచీ రాదు. పైన ప్లస్ 7.0, కింద మైనస్ 7.0, రెండూ కలిపి సున్నా. చోటు మార్చడమే. ఒకవేళ వడ్డీలో కొంత మార్చి 31కి కట్టకుండా ఉంటే, కట్టాల్సిన వడ్డీ అని బ్యాలెన్స్ షీట్‌లో మామూలుగా ఒక వరుస ఉంటుంది, ఆ తేడా కట్టిన వడ్డీ కాలమ్‌లోకి వెళ్తుంది. టర్మ్ లోన్ నిల్వలోనే వడ్డీ కలిసి ఉందేమో ఒకసారి లెడ్జర్ చూసుకోండి. అలా ఉన్నా మొత్తం కుదురుతుంది, కానీ కట్టిన అసలూ కట్టిన వడ్డీ రెండూ తప్పు చూపిస్తాయి.

బొబ్బిలి రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

నాకు ఇంకో అభ్యంతరం ఉంది. సీసీ అకౌంట్ అప్పు అని ఫైనాన్సింగ్‌లో పెట్టారు. నా సర్వీసంతా చూశాను, ఇలాంటి యూనిట్లకి సీసీయే అసలు బ్యాంకు అకౌంట్. అమ్మకాల డబ్బు అందులో పడుతుంది, రైతులకీ ఏజెంట్లకీ అందులోంచే పోతుంది. కరెంట్ అకౌంట్ పేరుకే ఉంటుంది. అది డిమాండ్ మీద తీర్చాల్సిన ఓవర్‌డ్రాఫ్ట్‌తో సమానం, నగదులోంచి తీసేసి చూపించాలని నా అభిప్రాయం. అప్పుడు ప్రారంభం 8.0లోంచి 45.0 పోగా మైనస్ 37.0. ముగింపు 6.5లోంచి 52.0 పోగా మైనస్ 45.5. ఏడాదిలో 8.5 తగ్గింది. అదీ అసలు సంగతి.

కోట వీధి విజయనగరం

మీ లెక్క కుదురుతుంది సార్. సీసీ తీసేస్తే ఫైనాన్సింగ్ మైనస్ 13.0 అవుతుంది, మొత్తం మైనస్ 8.5. కాబట్టి దీన్ని కూడికతో తేల్చలేం.

మీరు చెప్పే మాట ఇండ్ ఏఎస్ 7లో ఉంది. డిమాండ్ మీద తీర్చాల్సిన ఓవర్‌డ్రాఫ్ట్ నగదు నిర్వహణలో విడదీయలేని భాగమైతే కలపాలంటుంది. అలాంటి అకౌంట్ నిల్వ తరచూ ప్లస్‌లోకీ మైనస్‌లోకీ ఊగుతూ ఉండడం దాని లక్షణం. ఏడాది పొడుగునా 45, 52 లక్షల దగ్గరే ఉండే అకౌంట్ నాకైతే అప్పులాగే కనిపిస్తుంది. పైగా ఈ కంపెనీ ఏఎస్ 3 కింద ఉంది, అందులో ఓవర్‌డ్రాఫ్ట్‌ని నగదులో కలపమనే మాట లేదు. నేను ఫైనాన్సింగ్‌లోనే పెడతాను.

బొబ్బిలి రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

నిబంధన మీరు చెప్పినట్టే ఉండొచ్చు. కానీ సీజన్‌లో పిక్కలు కొనేటప్పుడు ఆ లిమిట్ నిండిపోతే ఆ యూనిట్ దగ్గర నగదు లేనట్టే. కరెంట్ అకౌంట్‌లోని 5.6 చూసి సరిపెట్టుకోకూడదంటాను. నా మాట నేను మార్చుకోను.

ఉద్దానం అకౌంట్స్ (పలాస)

సార్లందరికీ చాలా థాంక్స్. షీట్ మళ్లీ వేశాను. ప్రతి వరుసలో మిగిలింది సున్నా. వ్యాపారం నుంచి 15.1, పెట్టుబడుల నుంచి మైనస్ 10.6, ఫైనాన్సింగ్ నుంచి మైనస్ 6.0. మొత్తం మైనస్ 1.5. ప్రారంభం 8.0, ముగింపు 6.5. నగదు 0.9, కరెంట్ అకౌంట్ 5.6, సరిపోయింది. ఇంకొక సమస్య వచ్చింది. పోయిన ఏడాది సంతకాలైన క్యాష్ ఫ్లో తీసి చూస్తే అందులో ముగింపు నిల్వ 18.0 అనే ఉంది, ఎఫ్డీలతో కలిపి. ఈ ఏడాది ప్రారంభం 8.0 పెడితే రెండు కాగితాలూ కలవవు. బ్యాంకు వాళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకుంటారు కదా?

రాజాం కామేశ్వరి

తప్పకుండా అడుగుతారు. ఈ ఏడాది స్టేట్‌మెంట్‌లో పోయిన ఏడాది కాలమ్ కూడా ఉంటుంది కదా, దాన్ని మార్చి వేయండి. అక్కడ ఎఫ్డీల్లో వచ్చిన మార్పు పెట్టుబడుల్లోకి తీసుకెళ్తే ముగింపు 8.0 అవుతుంది. దానికోసం 31-3-2023 నాటి ఎఫ్డీలు ఎంతో కావాలి, అప్పటి నోట్ తీయండి.

కోట వీధి విజయనగరం

అవును. స్టేట్‌మెంట్ కింద నగదులో ఏమేం కలిపారో చెప్పి, బ్యాలెన్స్ షీట్ అంకెతో కలిపి చూపించమని ఏఎస్ 3 ఎలాగూ అడుగుతుంది. అక్కడే ఐదు లైన్లు రాయండి: నగదు 0.9, కరెంట్ అకౌంట్ 5.6, క్యాష్ ఫ్లో ప్రకారం ముగింపు 6.5, మార్జిన్ ఎఫ్డీలు 16.0, బ్యాలెన్స్ షీట్ ప్రకారం 22.5. పక్కన పోయిన ఏడాదివి 1.2, 6.8, 8.0, 10.0, 18.0. ఆ పాత 18.0 ఎక్కడికి వెళ్లిందో చదివినవాళ్లకి అక్కడే కనిపిస్తుంది.

అయితే దీన్ని అంకెల రీగ్రూపింగ్ అని నోట్‌లో రాయాలా, పోయిన ఏడాది స్టేట్‌మెంట్‌లో తప్పు అని రాయాలా అన్నది మీ ఆడిటర్ గారు చెప్పాలి. పోయిన ఏడాది కూడా ఆయనే సంతకం పెట్టారా?

ఉద్దానం అకౌంట్స్ (పలాస)

లేదు సార్, అప్పుడు వేరే ఆడిటర్. ఇప్పటి ఆయనకి రెండు కాగితాలూ పంపాను, పాత ఫైలు చూసి చెప్తానన్నారు. 2023 మార్చి ఎఫ్డీల రసీదులు బ్యాంకు దగ్గర అడిగాను, రేపు ఇస్తామన్నారు.